రెండో చరణం రద్దు

మావాడి స్కూలు ప్రిన్సిపాల్ గారు విడుదల చేసిన తాజా సర్క్యులర్‌ను తల్లిదండ్రులు తేలిగ్గా తీసుకుంటున్నారు. అది తప్పు. అంత పకడ్బందీ పత్రం ఈమధ్య ప్రభుత్వాల నుంచి కూడా రాలేదు. డిసెంబరు 20న జరగాల్సిన యాన్యువల్ డే అనివార్య కారణాల వల్ల ఫిబ్రవరి రెండో శనివారానికి వాయిదా పడిందని మొదటి వాక్యం. మిగతా పేజీన్నర కొత్త ఏర్పాట్లు. ఆ కారణం పేరు ఎక్కడా లేదు గానీ, స్కూలు గేటు మీది ఫ్లెక్సీలో ఆయన నవ్వుతూనే ఉన్నారు. ముఖ్య అతిథి గారికి డిసెంబరులో ఖాళీ లేదట.

యాన్యువల్ డేలన్నీ డిసెంబరులోనే ఎందుకు పెడతారో ఈ సందర్భంగా చెప్పుకోవాలి. ధనుర్మాసంలో పెళ్లి ముహూర్తాలు ఉండవు. ఫంక్షన్ హాళ్లు ఈగలు తోలుకుంటూ ఉంటాయి, బేరమాడితే అద్దె తగ్గుతుంది. మన పిల్లల కళాభివృద్ధి ఈ పునాది మీదే నిలబడింది. సంక్రాంతి వెళ్లి మాఘమాసం వచ్చిందంటే హాలు యజమాని స్కూలు వాళ్ల ఫోన్ ఎత్తడు. అందుకే సర్క్యులర్ రెండో పేరాలో వేదిక ‘ఆహ్లాదకరమైన మన స్కూలు గ్రౌండు’కు మారింది.

గ్రౌండు అనగానే చిక్కు మొదలైంది. పగలు పెడదామంటే వెనకాల కట్టే ఎల్‌ఈడీ తెర ఎండలో వెలవెలబోతుంది. దానికి అడ్వాన్సు ఇచ్చేశారు. సాయంత్రం పెడదామంటే రాత్రి 10 దాటాక ఆరుబయట మైకు మోగకూడదని 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనలు అంటున్నాయి. హాల్లో అయితే తలుపులు మూసుకుని ఎలాగో లాగించేవారు. ఇక్కడ పక్కనే అపార్ట్‌మెంటు, అందులో ఒక రిటైర్డ్ పెద్దమనిషి, ఆయన చేతిలో ఎప్పుడూ ఫోను.

ప్రిన్సిపాల్ గారు లెక్కల మాస్టారుగా మొదలైన మనిషి కాబట్టి కూర్చుని లెక్క కట్టారు. మొత్తం 38 ఐటమ్‌లు. పాటకు 4 నిమిషాలు, ఒక గుంపు దిగి ఇంకో గుంపు ఎక్కడానికి 2 నిమిషాలు. అంటే దాదాపు 3 గంటల 50 నిమిషాలు. జ్యోతి ప్రజ్వలన, వార్షిక నివేదిక, ప్రసంగాలు, శాలువాలు, మెమెంటోలు కలిపి గంటన్నర. అయిదింటికి మొదలుపెట్టినా పది దాటుతుంది. ఏదో ఒకటి తగ్గించాలి. శాలువాలు తగ్గిస్తే శాలువాలు కప్పించుకునేవారు బాధపడతారు. కాబట్టి పాటలు తగ్గించారు. ‘ప్రతి పాటా రెండు నిమిషాలకు కుదించడమైనది. పల్లవి, మొదటి చరణం మాత్రమే ఉండును.’ దీంతో గంటా 16 నిమిషాలు మిగిలాయి. ముఖ్య అతిథి గారు అరగంట ఆలస్యంగా వచ్చినా ఢోకా లేదు.

ఈ సంస్కరణలో మా ఇంటికి సంబంధించిన చిన్న సమస్య ఒకటుంది. మావాడు నెమలి. ఆ నెమలి రెండో చరణంలో వస్తుంది.

అక్టోబరు నుంచి వాడు రోజూ రెండో చరణంలోనే వస్తున్నాడు. మొదటి చరణమంతా పక్కన నిలబడి లోపల అంకెలు లెక్కపెట్టుకుంటాడు, ముప్పై రెండు దగ్గర దూకుతాడు. డ్యాన్స్ మాస్టర్ నేర్పింది అదే. ఆ మాస్టరు గారికి ఫిబ్రవరిలో వేరే స్కూళ్లు ఉన్నాయి, స్టెప్పులు మార్చడానికి రారు. నెమలి దుస్తుల అద్దె 900 మాత్రం మేం కట్టేశాం. అద్దె రోజు లెక్కన కాబట్టి, తేదీ మారినందుకు ఇంకో 400 ‘సహృదయంతో’ కట్టమన్నారు. పించం కట్టే బెల్టుకు నవంబరులో కొలత తీసుకున్నారు. ఫిబ్రవరికి వాడి నడుము ఏ స్థితిలో ఉంటుందో సర్క్యులర్ ఊహించలేదు. అదొక్కటే దానిలో లోపం.

రెండో చరణం పిల్లలను అన్యాయం చేశారని కొందరు తల్లులు గొడవ చేస్తున్నారు. వాళ్లు ఏడో అంశం చదవలేదు. ‘రెండవ చరణంలో ప్రవేశించవలసిన విద్యార్థులు మొదటి నుంచి వేదిక పక్కన నిలబడి చప్పట్లు కొట్టెదరు. వారికి కూడా సర్టిఫికెట్ ఇవ్వబడును.’ ఇంతకంటే ఏం కావాలి? పైగా ఫొటోలో పడతారు.

మిగతావి మామూలే. పదో తరగతికి ప్రీ ఫైనల్స్ కాబట్టి మినహాయింపు. పిల్లకు రెండేసి పాసులు, మూడో టర్మ్ ఫీజు రసీదు చూపిస్తేనే. నానమ్మలు, అమ్మమ్మలు ఇంటి దగ్గరే యూట్యూబ్ లైవ్‌లో చూడవచ్చు. పిల్లలను మధ్యాహ్నం రెండింటికల్లా మేకప్‌తో సహా అప్పగించాలి. సాయంత్రం ఐదున్నర దాకా నెమలి పించంతో కూర్చోవడం ఎలాగన్నది క్లాస్ టీచర్ చూసుకుంటారు.

ఇదంతా చదివి మా పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో నూటికి తొంభై మంది నమస్కారం బొమ్మ పెట్టారు. ఒకాయన మాత్రం ధైర్యం చేసి అడిగాడు: “మేడమ్, పార్కింగ్ ఎక్కడ?”