గొడుగు మొగుడు ఏ సినిమా?

నోరు విప్పకుండా సైగలతో సినిమా పేరు చెప్పించే డంబ్ షరాడ్స్‌ని కోడ్ పెట్టుకుని ఆడేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఎన్నాళ్లుగానో లోపల దాచుకున్న మాట ఇది. మొన్న సంక్రాంతికి ఊళ్లో జరిగింది చూశాక ఇక ఆగలేక రాస్తున్నాను.

మా బాబాయి కొడుకు కాలేజీ ఫెస్టుల్లో ఈ ఆట ఆడి కప్పులు తెచ్చుకున్నవాడు. వాడూ వాడి చెల్లెలూ ఒకే టీమ్‌లో పడ్డారు. ముక్కు పట్టుకుంటే ఒక హీరో, చెవి పట్టుకుంటే ఇంకో హీరో, ఆ తర్వాత వేళ్లతో ఇంగ్లిష్ అక్షరాలు. అయిదు సినిమాలిస్తే అయిదూ పావు నిమిషం లోపే చెప్పేశారు. డాబా మీద ఇరవై మందిమి ఉన్నాం, ఒక్కరూ నవ్వలేదు. పాత టెలిగ్రాఫ్ ఆఫీసులో కూర్చున్నట్టుంది. మా పెద్దనాన్న అయితే దుప్పటి తీసుకుని కిందకి వెళ్లిపోయాడు.

వాళ్లు చేసింది మోసమని నేననను. కానీ ఈ ఆటలో నవ్వు ఎక్కడ పుడుతుందో వాళ్లకి తెలీదు. సరైన జవాబు దగ్గర ఎవరూ నవ్వరు, అక్కడ చప్పట్లు కొడతారంతే. నవ్వంతా దానికి ముందు వచ్చే తప్పు జవాబుల్లో ఉంటుంది.

ఒక ఉదాహరణ చెప్తాను. అదే రాత్రి మా మరదలికి అవతలి టీమ్ వాళ్లు చెవిలో ‘ఛత్రపతి’ అని చెప్పారు. 2005లో వచ్చిన ప్రభాస్ సినిమా, అందరికీ తెలిసిందే. ఆ పిల్ల రాజులా నడవలేదు, కత్తి తిప్పలేదు. పేరుని రెండు ముక్కలు చేసింది. ముందు గొడుగు విప్పి నెత్తిన పట్టుకుంది. తర్వాత మెడ దగ్గర తాళిబొట్టు చూపించి, సిగ్గుపడుతూ మా బావ వైపు వేలు పెట్టింది. ఆమె టీమ్ గట్టిగా అరిచింది, “గొడుగు మొగుడు!”

అయిదు నిమిషాలు ఆట ఆగిపోయింది. మా బావని ఇప్పటికీ అలాగే పిలుస్తున్నాం.

ఇక్కడే మన భాషలో ఒక తమాషా ఉంది. చేతులతో ఏం చూపించినా ఎదుటివాడి నోట్లోంచి మొదట ఇంట్లో వాడే మాటే వస్తుంది. గొడుగు పడితే గొడుగే అంటాడు, ఛత్రం అని ఎవడంటాడు? కానీ మన సినిమా పేర్లు సగం సంస్కృతం కట్టుకుని కూర్చుంటాయి. ‘బాహుబలి’కి చెయ్యి చూపించి మెడ కోసుకున్నట్టు చేస్తే ముందు “చేతి నరుకుడు” అని వస్తుంది. అసలు ఆ పేరులో బలి అంటే బలం ఉన్నవాడే గానీ మెడ కోయడం కాదు. ఆ సంగతి పట్టించుకున్నవాడిని నేనింతవరకూ చూడలేదు. మొగుడు నుంచి పతికి, చెయ్యి నుంచి బాహువుకి జవాబు చెప్పేవాడు తంటాలు పడుతూ ఎక్కాలి. ఆ ఎక్కడంలోనే జారిపడతాడు. కోడ్ పెట్టుకున్నవాడు లిఫ్టులో వెళ్లిపోతున్నాడు.

ఇలా పేరు విరిచి ఆడటం మనం కనిపెట్టింది కాదు. షరాడ్ అనేది 18వ శతాబ్దంలో ఫ్రాన్సులో పొడుపుకథ లాంటి మాటల ఆట, అందులో నటన లేదు. నటించడం తర్వాత వచ్చింది. 1847 నాటి ‘జేన్ ఐర్’ అనే ఇంగ్లిష్ నవలలో పెద్దింటి చుట్టాలు ఈ ఆట ఆడతారు. మొదట పెళ్లి చూపిస్తారు, తర్వాత బావి దగ్గర దృశ్యం, చివర సంకెళ్లతో ఒక ఖైదీ. పెళ్లికూతురు బ్రైడ్, బావి వెల్, కలిపితే బ్రైడ్‌వెల్, అంటే జైలు. మా మరదలు గొడుగు పట్టుకుని చేసింది సరిగ్గా అదే పద్ధతి. ఫెస్టుల కోడ్ కన్నా ఇదే పాతది.

ఇంకో చిరాకు ఫోన్లో ఆడటం. స్క్రీన్ మీద పేరు నటించేవాడికి ఒక్కడికే కనిపిస్తుంది. మరి అవతలి టీమ్ ఏం చెయ్యాలి? ముందునుంచీ మన దగ్గర అవతలి టీమే పేరు ఎంచి చెవిలో చెప్తుంది. అంటే వాళ్లకి జవాబు తెలుసు, ఇవతలివాళ్లకి తెలీదు. “గొడుగు మొగుడు” అనగానే ముందు పడి దొర్లింది అవతలివాళ్లే. జవాబు ఎంత దగ్గరికొచ్చి ఎంత దూరం పోయిందో వాళ్లకే తెలుస్తుంది మరి. చీటీలు తీసి ఆడినా ఇదే ఇబ్బంది, చీటీ అవతలివాళ్లకి చూపించకపోతే సగం మందికి ఆట లేనట్టే.

సరే, మా పెద్దమ్మ ఆట చెప్పకుండా ఈ పోస్ట్ ముగించలేను. ఆవిడకి ‘అత్తారింటికి దారేది’ ఇచ్చారు. రెండు మాటలని రెండు వేళ్లు చూపించింది. మొదటి మాటకి తిన్నగా వెళ్లి మంచం మీద కూర్చున్న నాన్నమ్మని చూపించింది. టీమ్ “నాన్నమ్మ” అంది, “ముసలావిడ” అంది, “మంచం” అంది, ఎవడో “బీపీ మాత్ర” అన్నాడు. పెద్దమ్మ తల అడ్డంగా ఊపి, నడుం మీద చెయ్యి పెట్టి, మూతి తిప్పి, వేలు ఆడిస్తూ ఎవర్నో తిడుతున్నట్టు చేసింది. “నేనెప్పుడే అలా చేశాను?” అని నాన్నమ్మ లేచింది. దాంతో అత్త వచ్చేసింది. రెండు చేతులూ కప్పులా కలిపితే ఇల్లు కూడా వచ్చింది. “అత్తిల్లు, అత్తారిల్లు” వరకూ చేరారు.

అక్కడ బండి ఆగింది. ఎందుకంటే ‘కి’ని ఎలా చూపిస్తారు? ఇంగ్లిష్‌లో ఇలాంటి చిన్న ముక్కలు చాలావరకు విడి మాటలుగా ఉంటాయి, వేళ్లు దగ్గరగా పెట్టి చిన్న మాట అని సైగ చేస్తే సరిపోతుంది. మన విభక్తి మాటకే అతుక్కుని ఉంటుంది, విడిగా లెక్కకి రాదు. పెద్దమ్మ రెండు వేళ్లతో నడక చూపించింది. ఇంటికి వెళ్తున్నట్టా, ఇంట్లోంచి వస్తున్నట్టా అనేది చూసేవాడి ఇష్టం. తర్వాత నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టి అటూ ఇటూ దారి వెతికింది.

ఈలోగా దుప్పటి కప్పుకుని మళ్లీ పైకొచ్చిన పెద్దనాన్న మెట్ల దగ్గర్నుంచే అరిచాడు, “అత్తారింట్లోంచి పారిపోయేదెలా!”

పెద్దమ్మ నవ్వలేదు, ఆయన్నే చూస్తూ నిలబడింది. ముప్ఫై ఏళ్ల కాపురం ఆ చూపులో ఉంది. డాబా అంతా ఊగిపోయింది. రెండు నిమిషాల టైమ్ ఎప్పుడో అయిపోయింది, జవాబు చెప్పింది ఎవరో కూడా ఎవరికీ గుర్తులేదు.

అందుకే మనుషుల్ని వేలు పెట్టి చూపించకూడదు అనే రూల్ కూడా నాకు నచ్చదు. పెదాలు కదపకూడదు, శబ్దం చెయ్యకూడదు, ఆ రెండూ చాలు. ఎదురుగా ఇంత మంది చుట్టాలుంటే గాల్లో బొమ్మలెందుకు గీయాలి?

చివర్లో నాన్నమ్మ తనకీ ఒకటి ఇమ్మంది. తేలిగ్గా ఉంటుందని ‘అతడు’ ఇచ్చారు. పాపం ఆవిడ చాలాసేపు ఆలోచించి, పైట సర్దుకుని, తల దించుకుని, తాతయ్య వైపు వేలు చూపించింది. “తాతయ్య”, “ముసలాయన”, “మొగుడు”, “దేవుడు”, “పడక్కుర్చీ”. నాన్నమ్మ అన్నిటికీ కాదు కాదు అని చెయ్యి ఊపుతూనే ఉంది.

టైమ్ అయిపోయాక తాతయ్య కళ్లజోడు తీసి అడిగాడు, “ఇంతకీ నేనెవర్ని?”