జీతం మానేసి చిత్తూరులో గానుగ పెడుతున్నాను, లీటరు లెక్క ఇదీ

అందరికీ నమస్కారం. ఈ నెలాఖరుతో ఉద్యోగం మానేస్తున్నాను. చిత్తూరులోనే చెనక్కాయ నూనె గానుగ పెడుతున్నాను. మన నూనె లీటరు 340 రూపాయలు. బజారులో గానుగ నూనె పేరుతోనే 200కి దొరుకుతుంటే ఇంత ఎందుకని మీరు తప్పకుండా అడుగుతారు. అడగాలి కూడా. అందుకే అమ్మకం మొదలుపెట్టకముందే లెక్కంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందు గింజ సంగతి. మన పడమటి మండలాల్లో వానాకాలం చెనక్కాయ పీకేది అక్టోబరు, నవంబరు నెలల్లో. సరిగ్గా అప్పుడే ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయి. పీకిన చెట్లు చేలోనే వామి వేసి ఉండగా రెండు రోజులు జడివాన పట్టిందంటే కాయ లోపలికి తేమ దిగి బూజు మొదలవుతుంది. పంట చివర్లో నీళ్లందక ఎండిన చేలలోనైతే కాయ భూమిలో ఉండగానే ఆ బూజు పడుతుంది. దాన్నుంచి పుట్టే విషం పేరు అఫ్లాటాక్సిన్. ఇది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. వేపితే పోదు, ఉడికిస్తే పోదు.

గానుగ నూనె గురించి ఎవరూ చెప్పని విషయం ఇక్కడే ఉంది. రిఫైన్డ్ నూనెను క్షారంతో కడుగుతారు, మట్టితో రంగు తీస్తారు. ఆ పనుల్లో ఈ విషం కూడా దాదాపుగా పోతుంది. గానుగ నూనెకు అలాంటి కడుగుడేమీ లేదు. గింజలో ఏముంటే అందులో కొంత సీసాలోకి వస్తుంది. ఎక్కువ భాగం నూనె తీశాక మిగిలే చెక్కలో ఉండిపోతుంది. ఆ చెక్క ఆవు తింటే కొంత పాలలోకి చేరుతుంది. పాడి మీద బతికే జిల్లా మనది. కాబట్టి గానుగలో అన్నిటికంటే పెద్ద పని నూనె ఆడటం కాదు, గింజ ఏరటం.

ఏరేటప్పుడు చూసేవి ఇవీ. ముడుతలు పడినవి, నల్లబడినవి, మొలకెత్తినవి, పురుగు కొరికినవి పక్కకు పోవాలి. పైకి బాగున్నవాటిలోనూ పిడికెడు తీసి రెండు బద్దలుగా విడదీయాలి. బద్దల మధ్య పసుపు పచ్చగానో, ఆకుపచ్చగానో పొడి కనబడితే ఆ మూట మొత్తాన్ని అనుమానించాల్సిందే. ముక్కిన వాసన వచ్చినా అంతే. మంచి కాయలు తెచ్చుకున్నా 21 కిలోల గింజల్లో కిలో దాకా ఇలా తీసేయాల్సి వస్తుందని నా లెక్క. తీసిన కిలోను పశువుల దాణాకు అమ్మకూడదు, తగలబెట్టాలి. కంటికి కనబడేది కొంతే కాబట్టి కొన్న ప్రతి లాటు నుంచీ నమూనా ల్యాబుకు పోతుంది. కాగితం వచ్చాకే ఆ మూటలు విప్పేది.

ఇంకో మోసం కాయలు వొలిచే మిషన్ దగ్గర జరుగుతుంది. ఎండు కాయను వొలిస్తే గింజ బద్దలవుతుంది, బద్దలైతే ధర పడిపోతుంది. అందుకని ముందు కాయల మీద నీళ్లు చల్లి వొలుస్తారు. గింజ నిండుగా, మెరుస్తూ కనబడుతుంది, తూకమూ పెరుగుతుంది. ఆ తడితో మూట కట్టారంటే పది రోజుల్లో బూజు. వేళ్లతో నలిపితే పొట్టు ఊడిరావాలి, కొరికితే టక్కుమని విరగాలి. అలా కాకుండా మెత్తగా నలిగితే తేమ ఉన్నట్టే. అందుకే మేము కాయలే కొంటాం, వారానికి సరిపడా మాత్రమే వొలిపిస్తాం. బాగా ఎండిన కాయలో, పైన పెంకు ఉన్నంతకాలం గింజ తొందరగా పాడవదు.

ఇక లెక్క. గింజ కిలో 120 రూపాయలు, చెక్క కిలో 40 అనుకుందాం. ఈ ధరలు మారితే కింది అంకెలన్నీ మారతాయి.

మా గానుగలో ఒక వాయికి 20 కిలోల ఏరిన గింజలు పడతాయి. అందుకు కొనాల్సింది 21 కిలోలు, 2,520 రూపాయలు. వాయి ముప్పావు గంట నుంచి గంట తిరుగుతుంది. తిరుగుతుండగా గింజ ఆరుదలను బట్టి కొద్దికొద్దిగా నీళ్లు చిలకరించాలి, అప్పుడే పిండి ముద్దకట్టి నూనెను వదులుతుంది. ఎక్కువైతే నూనె తెల్లగా చిక్కబడి, సీసాలోకి పోశాక తొందరగా ముక్కిన వాసన కొడుతుంది. అన్నీ కుదిరితే 8 కిలోల దాకా నూనె దిగుతుంది. స్టీలు డ్రమ్ములో నీడపట్టున నాలుగైదు రోజులు తేరనిస్తే అడుగున మడ్డి దిగుతుంది. అది పోగా చేతికొచ్చేది 7.7 కిలోలు. లీటరు నూనె తూగేది 910 గ్రాములే కాబట్టి ఇది ఎనిమిదిన్నర లీటర్లు. (ఎక్కడ నూనె కొన్నా చెబుతున్న ధర కిలోకా, లీటరుకా అని అడగండి. మీకు పడే తేడా దాదాపు పదో వంతు.)

చెక్క పదకొండున్నర కిలోలు, దాని మీద 460 రూపాయలు వెనక్కి వస్తాయి. మిగిలిన 2,060ని ఎనిమిదిన్నరతో భాగిస్తే లీటరుకు 242. ఇది ఉత్త గింజ ఖర్చు. సీసా, మూత, లేబులు 15. ఇద్దరు మనుషుల కూలి, అద్దె, కరెంటు కలిపి రోజుకు 1,750. రోజుకు ఏడు వాయిలు ఆడి అరవై లీటర్లు అమ్మితే ఆ ఖర్చు లీటరు మీద 29 పడుతుంది, మొత్తం 286. ముప్పై లీటర్లే అమ్మితే 58 పడుతుంది, మొత్తం 315. మొదటి ఏడాది ముప్పై దాటుతుందని నేను అనుకోవడం లేదు. 340కి అమ్మితే మిగిలేది లీటరుకు 25, రోజుకు 750. రవాణా, రిపేర్లు అందులోంచే పోవాలి. నా జీతం దీంట్లో లేదు, దాన్ని ధరలో కలపలేదు.

గింజ ఖర్చే 242 అయినప్పుడు 200కి ఎలా ఇస్తారన్నది ఆ అమ్మేవాళ్లను మీరు అడగాల్సిన ప్రశ్న. వేరే నూనె కలిపారో, తీసేయాల్సిన గింజలే ఆడారో, ఏదో ఒకటి ఉంటుంది.

గానుగ పెడదామనుకుంటున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. అందరూ మిషన్ ధర గురించే అడుగుతున్నారు. అసలు డబ్బు పట్టేది గింజల నిల్వలో. రోజుకు ముప్పై లీటర్లంటే నెలకు దాదాపు రెండు టన్నుల గింజలు. మంచి కాయ పంట సమయంలోనే దొరుకుతుంది కాబట్టి ఆరు నెలల సరుకు ఒకేసారి కొనాలి, అంటే 14 లక్షల దాకా. ఆ డబ్బు లేక నెలనెలా కొనేవాళ్లకు వేసవికల్లా ఏరుడులో మిగిలిన సరుకే గతి. నాణ్యత పడిపోయేది అక్కడే. ఇంకొకటి, ఉద్యోగం మానేస్తే కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా సాధారణంగా ఆగిపోతుంది. సొంత పాలసీ ముందే తీసుకోండి, పాత జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది.

మా నూనెతో మీకు ఇబ్బంది అనిపించేవీ ఉన్నాయి. పూరీలు, బజ్జీలు వేయించేటప్పుడు నురగ వస్తుంది. శుద్ధి చేయని నూనెలో జిగురు పదార్థాలు ఉండటమే కారణం. మంట ఎక్కువ పెడితే రిఫైన్డ్ కంటే ముందే పొగ వస్తుంది, కాబట్టి తాలింపులకు, కూరలకు, పచ్చళ్లకు వాడండి. ఎండ తగలనీయకండి, మూత తీశాక రెండు మూడు నెలల్లో అయిపోయేట్టు కొనండి. మొదటిసారి వచ్చేవాళ్లు లీటరు తీసుకోవద్దు, అర లీటరు సీసా చాలు. ప్రతి సీసా మీద ఆడిన తేదీ, లాటు నంబరు ఉంటాయి. ఆ లాటు ల్యాబు కాగితం కొట్టు గోడకే అంటించి ఉంటుంది, చదివాకే కొనండి.