కదిలే గడ్డలన్నీ కొవ్వు గడ్డలు కావు

"చర్మం కింద గడ్డ మెత్తగా ఉండి, నొప్పి లేకుండా, వేలితో తోస్తే అటూ ఇటూ కదిలితే అది కచ్చితంగా కొవ్వు గడ్డే. నొప్పి ఉంటేనే భయపడాలి. ఆసుపత్రికి వెళ్తే సూది గుచ్చి క్యాన్సర్‌గా మారుస్తారు. సున్నం, బెల్లం కలిపి పట్టు వేయండి, కరిగిపోతుంది. పదిమందికీ పంపండి."

ఫోన్లలో చేతులు మారుతున్న ఈ సందేశాన్ని నమ్మకండి. కదలడం కొవ్వు గడ్డకు ఒక్కదానికే ఉన్న లక్షణం కాదు. చర్మపు తిత్తి కదులుతుంది. చంకలోనో గజ్జలోనో "బిళ్ళ కట్టింది" అంటామే, ఆ లింఫు గ్రంథి కూడా తొలి దశలో కదులుతుంది. శస్త్రచికిత్స వైద్యుడిగా నేను గడ్డను పట్టుకున్నప్పుడు చూసేది అది దేనితో కలిసి కదులుతోందన్నది.

కొవ్వు గడ్డ చర్మానికీ కండరానికీ నడుమ ఉన్న కొవ్వు పొరలో, పలుచని సంచి కట్టుకుని పెరుగుతుంది. దాని మీది చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి ఎత్తితే తేలిగ్గా విడిగా లేస్తుంది. గడ్డ అంచును వేలితో నొక్కితే అది చటుక్కున వేలి కింద నుంచి జారిపోతుంది. భుజం, వీపు, మెడ వెనుక, చేతుల మీద ఎక్కువగా కనిపిస్తుంది. ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరుగుతుంది.

తిత్తి అలా కాదు. అది చర్మంలోనే పుడుతుంది కాబట్టి చర్మంతో కలిసి కదులుతుంది. ఎత్తి చూస్తే ఒకచోట చర్మం దానికి అతుక్కునే ఉంటుంది. చాలాసార్లు అక్కడే సూదిమొనంత నల్లని చుక్క కనిపిస్తుంది. లోపల ఉండేది కొవ్వు కాదు, చర్మం రాల్చే కెరటిన్. తెల్లగా, ముద్దగా, దుర్వాసనతో ఉంటుంది. దాన్ని పిండితే లోపలి గోడ పగిలి ఎర్రగా వాచి చీము పడుతుంది. పైకి ఖాళీ అయినట్టు కనిపించినా గోడ మిగిలిపోతే మళ్లీ నిండుతుంది.

ఇక గ్రంథి విషయం. సందేశం ఎక్కువ హాని చేసేది ఇక్కడే. జలుబు, పంటి చీము, కాలి పుండు వంటి వాటికి గ్రంథి వాస్తే సాధారణంగా నొప్పి ఉంటుంది, రెండు మూడు వారాల్లో తగ్గుముఖం పడుతుంది. నొప్పి లేకుండా నెలల తరబడి ఉండిపోయే గ్రంథినే అనుమానించాలి. మన దేశంలో అలాంటప్పుడు మొదట గుర్తుకు రావలసింది క్షయ. పాతకాలంవారు గండమాల అన్నది ఎక్కువగా దీన్నే. లింఫు గ్రంథుల క్యాన్సర్‌లో కూడా గ్రంథులు నొప్పి లేకుండానే రబ్బరులా పెరుగుతాయి.

ఇరవై ఆరేళ్ల అమ్మాయి ఒకరు మెడ పక్కన గడ్డతో నా దగ్గరికి వచ్చారు. మొదట చిక్కుడు గింజంత ఉండేదట, నొప్పి లేదు, కదిలేది. కొవ్వు గడ్డేనని ఇంట్లో అందరూ ధైర్యం చెప్పడంతో నాలుగు నెలలు ఆగారు. నేను చూసేసరికి పక్కన మరో రెండు లేచి, మూడూ ఒకదానికొకటి అంటుకుపోయాయి. అడిగితే సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడుతోందని, బరువు తగ్గానని చెప్పారు. సన్నని సూదితో తీసిన నమూనాలో క్షయ క్రిములు ఉన్నట్టు జన్యు పరీక్షలో తేలింది. ఆరు నెలలు మందులు వాడారు. రెండో నెలలో గడ్డ కాస్త పెరిగితే మందు పనిచేయలేదని కంగారుపడ్డారు. చికిత్స మధ్యలో అలా జరగడం ఉంది, అందుకని మందులు ఆపకూడదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ మందులు ఉచితం.

ఆ పరీక్షకు వాడే సూది రక్తం తీసే సూది కన్నా లావుగా ఉండదు. మామూలు గడ్డను అది క్యాన్సర్‌గా మార్చదు. ఆ భయంతో పరీక్ష వాయిదా వేసుకునేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

కొవ్వు గడ్డే అనిపించినా కొన్నిటిని వదిలేయకూడదు. అయిదు సెంటీమీటర్లు దాటినది, అంటే పెద్ద నిమ్మకాయంత ఉన్నది, వారాల్లో పెరుగుతున్నది, గట్టిపడినది, కండరం కింద ఉన్నది. చివరిదాన్ని పట్టడానికి తేలికైన పద్ధతి ఉంది. ఆ భాగంలో కండరాన్ని బిగించండి. గడ్డ అలాగే పైకి కనిపిస్తే అది కండరం మీద ఉన్నట్టు. లోపలికి అణిగిపోయినా, కదలిక ఆగిపోయినా అది లోతుది, స్కానింగ్ చేయించాలి. కాలర్ ఎముక పైన వచ్చిన గ్రంథికైతే ఇంట్లో చేసుకునే ఏ పరీక్షతోనూ సమాధానపడకుండా వెంటనే వైద్యుడికి చూపించండి.

పట్టుల సంగతికి వస్తే, మనిషి బరువు తగ్గినా కొవ్వు గడ్డ కరగదు, ఇక చర్మం మీద రాసినదానికి ఎలా కరుగుతుంది? సున్నం చర్మాన్ని కాలుస్తుంది. జిల్లేడు పాలు కూడా అంతే. అలా కాలి పుండు పడినచోట గడ్డను తీయవలసి వస్తే ముందు ఆ పుండు మానేదాకా ఆగాలి. కొవ్వు గడ్డ ఇబ్బంది పెట్టకపోతే దాన్ని ఏమీ చేయనక్కర్లేదు. తీయించుకోవాలనుకుంటే, చిన్నదైతే ఆ చోట మాత్రమే మత్తు ఇచ్చి తీసి అదే రోజు ఇంటికి పంపిస్తాం.