పెనాల్టీ అంటే కళ్ళు మూసుకుని బాదడం కాదు

"షూటౌట్‌లో ఆలోచించకూడదు. గట్టిగా బాదేస్తే ఏ కీపరూ ఆపలేడు. మూలకి చూసి కొట్టాలనుకునేవాళ్ళే మిస్ చేస్తారు. విజిల్ పడగానే కొట్టేస్తే టెన్షన్ పట్టుకునే టైమే ఉండదు."

ఫుట్‌బాల్ పెనాల్టీల గురించి ఎవరైనా ఇలా సలహా ఇస్తే నమ్మకండి. ముందు బలం సంగతి. 1990 వరల్డ్ కప్ సెమీఫైనల్లో పశ్చిమ జర్మనీ మీద ఇంగ్లండ్ నాలుగో కిక్ స్టువర్ట్ పియర్స్‌ది. బలంగా, దాదాపు నేరుగా కొట్టాడు. జర్మన్ కీపర్ ఇల్గ్నర్ పక్కకి దూకినా బంతి అతని కాళ్ళకి తగిలి బయటికి పోయింది. ఐదో కిక్ క్రిస్ వాడిల్‌ది, అదీ బలంగానే, కానీ బార్ మీంచి ఎగిరిపోయింది. బలాన్నే నమ్ముకుంటే జరిగే రెండు తప్పులూ ఒకే షూటౌట్‌లో కనిపిస్తాయి: దిశ లేకపోతే కీపర్ ఒంట్లో ఏదో భాగానికి తగులుతుంది, ఇంకాస్త బలం కోసం ఒళ్ళు వెనక్కి వాల్చితే బంతి లేచిపోతుంది.

అసలు అంత వేగం అవసరం కూడా లేదు. దూరం 11 మీటర్లు. గంటకి 80 కిలోమీటర్ల వేగంతో కొట్టినా బంతి అర సెకనులో గోల్ లైన్ చేరుతుంది, కీపర్ ముందే కదిలితే తప్ప ఆ లోపల పోస్ట్ పక్కకి చేరడం చాలా కష్టం. అందుకే పూర్తి బలం కాకుండా, పాదం లోపలి వైపుతో, ఒళ్ళు బంతి మీదికి ఉంచి, పోస్ట్‌కి కాస్త లోపలగా కొట్టడమే నా లెక్కలో మంచి బేరం. మరీ పోస్ట్ అంచునే గురి పెడితే 2021లో జరిగిన యూరో ఫైనల్లో ఇంగ్లండ్ ఆటగాడు రాష్‌ఫర్డ్‌కి అయినట్టే అవుతుంది: ఇటలీ కీపర్ డొన్నరుమ్మా తప్పు వైపు వెళ్ళాడు, బంతి మాత్రం పోస్ట్‌కి కొట్టుకుంది.

కీపర్‌ని చూస్తూ చివరి క్షణంలో వైపు ఎంచుకునే పద్ధతి వేరు. అది కీపర్ ముందు కదిలితేనే పని చేస్తుంది. అదే ఫైనల్లో ఇటలీ ఆటగాడు జోర్జిన్యో చిన్న గెంతు వేసి చూసినా ఇంగ్లండ్ కీపర్ పిక్‌ఫర్డ్ తొందరపడకుండా ఆపేశాడు. వైపు ముందే ఎంచుకుని, పరుగు మొదలయ్యాక మార్చుకోకపోవడం చాలామందికి సురక్షితం.

ఇక తొందర. ఇదే అన్నిటికంటే ప్రమాదకరమైన సలహా. షూటౌట్లని ఏళ్ళ తరబడి పరిశీలించిన నార్వే పరిశోధకుడు గైర్ యోర్డెట్, విజిల్ పడగానే పరుగు తీసేవాళ్ళే ఎక్కువగా మిస్ అవుతారని చూపించాడు. గోల్ కొడితే గెలుపు అన్న కిక్కులు 90 శాతం పైన లోపలికి వెళ్తే, మిస్ అయితే ఓటమి అన్న కిక్కులు 60 శాతం దగ్గరే ఆగాయని కూడా చెప్పాడు. కాలు అదే, దూరం అదే, మారేది మనసులో భయమే, దాన్నుంచి త్వరగా బయటపడాలనే ఆత్రం అక్కడే పుడుతుంది. విజిల్ అంటే కిక్ కొట్టడానికి అనుమతి మాత్రమే, తరుముడు కాదు. ఒక ఊపిరి తీసుకుని కదలొచ్చు.

అయితే తను ఎంచుకున్న ఆగడం వేరు, కీపర్ బలవంతంగా ఆపించడం వేరు. 2022 వరల్డ్ కప్ ఫైనల్లో అర్జెంటీనా కీపర్ ఎమీ మార్టినెజ్ బంతిని దూరంగా విసిరేస్తే ఫ్రాన్స్ ఆటగాడు చువామెని వెళ్ళి తెచ్చుకోవాల్సి వచ్చింది, తర్వాత కిక్ పోస్ట్ బయటికి పోయింది. అలాంటప్పుడు బంతిని మళ్ళీ సరిగ్గా పెట్టుకుని, వెనక్కి నడిచి, ఊపిరి తీసుకుని, అలవాటైన క్రమాన్ని మొదటి అడుగు నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి.