ఒక్క ఆకు ఫోటోకి పదికి ఆరు మార్కులే

పొద్దున్నే మా తమ్ముడి వరసయ్యే అబ్బాయి ఫోటో పంపాడు. తెల్ల టైల్ మీద ఒంటరిగా ఒక ఆకు. "అన్నయ్యా, తిప్పతీగేనా? నాన్నకి కషాయం పెట్టాలి. యాప్ 94 శాతం అంటోంది."

ఆ 94 చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది. యాప్ నేర్చుకున్న మొక్కల్లో ఈ ఫోటోకి దగ్గరగా ఉన్నది తిప్పతీగ అని దాని అర్థం. తీగను చూసి చెప్పిన మాట కాదది.

సరే, ఆకులో ఏముందో చూద్దాం. ఆకారం తమలపాకులా ఉంది. కాడ కలిసే చోటు నుంచే ఐదారు ఈనెలు విసనకర్రలా విచ్చుకున్నాయి. మనీ ప్లాంటుకైతే నడి ఈనె నుంచి పక్క ఈనెలు వరసగా చీలతాయి, కాబట్టి అది కాదు. కాడ ఆకు అంచుకే అతుక్కుంది. విషబొద్దికి సాధారణంగా అంచుకు కాస్త లోపల అతుకుతుంది కాబట్టి అదీ దాదాపు పోయింది.

దుష్టపుతీగ మాత్రం మిగిలింది. దాని ఆకు తుంపితే తెల్లటి పాలు కారతాయి, ఆకులు కణుపుకి జంటగా ఉంటాయి. తిప్పతీగకి పాలు రావు, కణుపుకి ఒక్క ఆకే. తెంపి టైల్ మీద పెట్టాక ఈ రెండూ ఎక్కడ కనిపిస్తాయి? తిప్పతీగ కాడ రెండు చివర్లా ఉబ్బి, కింది ఉబ్బు కాస్త మెలిక తిరిగి ఉంటుంది. మనవాడు కాడని సగానికి గిల్లేశాడు! పై ఉబ్బు మసగ్గా కనిపిస్తోంది, అంతే.

అందుకే పదికి ఆరు అన్నాను. తిప్పతీగకి దగ్గర చుట్టాలున్నాయి మరి. టినోస్పోరా క్రిస్పా ఆకు పైనుంచి చూస్తే ఇలాగే ఉంటుంది, తేడా తెలిసేది దాని కాండం మీది బొడిపెల్లో. 2021లో తిప్పతీగ వాడిన ఆరుగురికి కాలేయం దెబ్బతిందని ముంబై వైద్యులు రాస్తే, వాళ్లు మొక్క ఏదో సరిగా తేల్చలేదని ఆయుష్ మంత్రిత్వ శాఖ అభ్యంతరం చెప్పింది. గోడ మీద పాకించడానికి ఆరు మార్కులు చాలు. మరిగించి తాగడానికి చాలవు.

ముదురు కాండాన్ని గోటితో గీకి ఒకటి, ఆకు వెనకవైపు ఒకటి, కణుపు దగ్గర ఒకటి ఫోటోలు తీయమన్నాను. మధ్యాహ్నానికి వచ్చాయి. పైపొర కాగితంలా లేచి, కింద పచ్చగా ఉంది. చిన్న చుక్కలే తప్ప బొడిపెల్లేవు. ఆకు వెనక నున్నగా ఉంది, కణుపుకి ఒక్కటే ఆకు. కొమ్మ నుంచి దారాల్లాంటి వేర్లు వేలాడుతున్నాయి.

ఇప్పుడు తొమ్మిది ఇచ్చాను. అయినా బాబాయికి కషాయం సంగతి డాక్టరుని అడగమన్నాను, అది వేరే ప్రశ్న. ఆ మిగిలిన ఒక్క మార్కు ఎండాకాలం దాకా నా దగ్గరే. ఆకు రాల్చి తీగ బోసిగా ఉన్నప్పుడు చిన్న పూలు వస్తాయి, అప్పుడు ఇంకో ఫోటో తీయాలి వాడు.