సవరణ: సెటిల్‌మెంట్‌తో రైటాఫ్ మచ్చ పోదు

“రాని బాకీగా బ్యాంకు రైటాఫ్ చేసిన 80,000 కార్డు బాకీని మీరు రాసినట్టే 45,000కు సెటిల్ చేసుకున్నాను. నా రుణ చరిత్ర చూపే సిబిల్ రిపోర్టులో ‘సెటిల్డ్’ అని పడింది, ఇంటి రుణం రాలేదు. ఎందుకు?”

తప్పు నాదే. సెటిల్ చేస్తే ఖాతా శుభ్రమవుతుందని రాశాను. నిజానికి ‘సెటిల్డ్’ అన్న మాటకు అర్థం, మిగిలిన 35,000ను బ్యాంకు వదులుకుందని. కొత్తగా అప్పిచ్చేవారు ముందు చూసేది దాన్నే.

ఆ 35,000 కడతానని బ్యాంకుకు రాతపూర్వకంగా అడగండి. ఎంత కట్టాలో, కట్టాక ఖాతాను ‘క్లోజ్డ్’గా నివేదిస్తారో లేదో ముందే కాగితం మీద తీసుకోండి. డబ్బు కట్టాక బాకీ లేదన్న పత్రం తీసుకుని, నెల ఆగి రిపోర్టు చూడండి. మారకపోతే సిబిల్‌లో ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నియమం. అయితే పాత ఆలస్యాల నెలలు చెరిగిపోవు.

ఏడేళ్లకు అన్నీ వాటంతటవే పోతాయని నేను రాసిందీ సరికాదు. సమాచారాన్ని కనీసం ఏడేళ్లు ఉంచాలని మాత్రమే నిబంధన చెబుతుంది. కనీసం అన్న మాటను నేనే మింగేశాను!

ఈలోగా 20,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద కార్డు తీసుకోండి. నెలకు నాలుగైదు వేలకు మించి వాడకండి. కనీస మొత్తం కాదు, బిల్లంతా గడువులోపే కట్టండి. రిపోర్టులో చెల్లింపుల చరిత్ర 36 నెలల వరకు నెలవారీగా కనిపిస్తుంది కాబట్టి, మూడేళ్లు తప్పకుండా కడితే కొత్త ఖాతా గడులన్నీ శుభ్రంగా ఉంటాయి. రెండో ఏడాదికి ముందు ఇంటి రుణానికి దరఖాస్తు పెట్టకపోవడమే మేలని నా అభిప్రాయం.