ఐడియా కాదు, చిరాకు రాసుకోండి

"ఏదైనా బిజినెస్ ఐడియా చెప్పక్కా" అని అడిగే తమ్ముళ్లందరికీ నేను చెప్పేది ఒకటే. ఈ వారం మిమ్మల్ని విసిగించినవన్నీ ఫోన్‌లో రాసుకోండి. ఏం జరిగింది, దాన్ని ఎలా నెట్టుకొచ్చారు, ఎంత డబ్బు, ఎంత టైమ్ పోయింది, అంతే. "దీనికో యాప్ ఉంటే బాగుండు" అని మాత్రం అప్పుడే రాయొద్దు.

ఆన్‌లైన్‌లో బస్సు టికెట్లు అమ్మే రెడ్‌బస్ సంగతి చూడండి. 2005 దీపావళికి బెంగళూరు నుంచి హైదరాబాద్ వద్దామనుకున్న ఫణీంద్ర సామాకి బస్సు టికెట్ దొరకలేదు. పండగకి టికెట్ దొరక్క తిట్టుకున్నవాళ్లు ఆరోజు ఎంతమంది ఉండి ఉంటారు! ఆయన మాత్రం ట్రావెల్ ఏజెంట్ల దగ్గరికెళ్లి అసలు టికెట్లు ఎలా అమ్ముతారో అడిగాడు. అప్పట్లో ఏజెంట్ బస్సు ఆపరేటర్లకి ఒక్కొక్కరికే ఫోన్ చేసి సీటు ఉందా అని కనుక్కోవాల్సి వచ్చేది. ఏ బస్సులో ఎన్ని సీట్లు మిగిలాయో అన్నీ ఒక్కచోట చూసే వీలు ఎవరికీ లేదు. అందుకే ఈ ఏజెంట్ దగ్గర "లేదు" అనిపించుకున్న సీటు ఇంకోచోట ఖాళీగా ఉండొచ్చు. అంటే ప్రయాణికుడి బాధా, ఆపరేటర్ నష్టమూ ఒకే లోపం వల్ల వచ్చినవి. 2006లో స్నేహితులతో కలిసి కంపెనీ మొదలైంది, 2013లో ఐబిబో గ్రూప్ కొనుక్కుంది. ఆ ఏజెంట్ల దగ్గరికి వెళ్లకపోయి ఉంటే అది కూడా ఒక పండగ తిట్టుగానే మిగిలిపోయేది.

మా వీధిలో ఏ ఇంట్లో అడిగినా వినిపించేది బ్లౌజుల గోల. పెళ్లికి రెండ్రోజుల ముందు కూడా "రేపు ఇస్తా" అంటారు. నేనూ తిట్టుకున్నదాన్నే. ఒకసారి మా టైలర్ దగ్గర కూర్చుని అడిగితే, "కటింగ్, మిషన్ పని అయిపోతుందక్కా. హెమ్మింగ్ చేసి హుక్కులు కుట్టే మనిషి దొరకట్లేదు" అంది. షాపులో కుప్పగా ఉన్నవన్నీ చేతిపని మిగిలిన బ్లౌజులే. ఇక్కడ కావల్సింది ఇంకో టైలరింగ్ యాప్ కాదు. నాలుగు షాపుల నుంచి సాయంత్రం బ్లౌజులు తెచ్చి, ఇంటి దగ్గర ఉండే ఆడవాళ్లతో చేతిపని చేయించి, పొద్దున్నే తిరిగిచ్చే మనిషి కావాలి.

అందరికీ చిరాకు ఉన్నంత మాత్రాన డబ్బులిస్తారని కాదు. లిఫ్ట్ కోసం నిలబడటం అందరికీ విసుగే, దానికెవరూ రూపాయి తీయరు. బ్లౌజుల విషయంలో మాత్రం జనం ఇప్పటికే "అర్జెంట్" అని చెప్పి ఎక్కువ ఇస్తున్నారు. నాకు నమ్మకం కలిగించింది అదే. కాకపోతే ఆ డబ్బు టైలర్‌కి వెళ్తోంది. అందులోంచి ఒక్కో బ్లౌజుకి ఎంత వదులుకుంటుందో, ఆ ముక్కకూలి కుట్టేవాళ్లకి గిట్టుతుందో లేదో ముందు అడగాలి. ఆషాఢంలో, మూఢంలో పని పడిపోతే వాళ్లకి ఏం ఇస్తారో కూడా అప్పుడే తేల్చుకోవాలి.